అటూ ఇటూ చూసి నడుమను వదిలేసే లెక్క

అమెరికాలో హైస్కూలు పిల్లలు కాలిక్యులస్ క్లాసులో విరివిగా వాడే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ TI-84. అక్కడ పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఇది కొత్త వస్తువేం కాదు. ఒక ప్రమేయం గ్రాఫుకు ఫలానా బిందువు దగ్గర వాలు ఎంతో చెప్పమంటే చెప్పే ఆదేశం ఒకటి అందులో ఉంది. దానికి ఈ రెండు ప్రశ్నలు వేసి చూడండి.

```
nDeriv(abs(X),X,0)
nDeriv(1/X,X,0)
```

మొదటిదానికి 0 అని, రెండోదానికి 1000000 అని జవాబు వస్తుంది. ఈ రెండు జవాబులూ తప్పే. మొదటిది |x| ప్రమేయం. దాని గ్రాఫు V ఆకారంలో ఉంటుంది, మొన సున్నా దగ్గర ఉంటుంది. ఆ మొన దగ్గర అవకలజం లేదని ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ విద్యార్థి ఎవరైనా చెబుతారు. ఇక 1/x అయితే సున్నా దగ్గర అసలు నిర్వచితమే కాదు. విలువే లేనిచోట వాలు పది లక్షలని యంత్రం చెబుతోంది.

యంత్రం చెడిపోలేదు. తనకు నేర్పిన లెక్కను అది తు.చ. తప్పకుండా చేసింది. మనం అడిగింది ఒక లెక్క, అది చేసింది ఇంకో లెక్క. ఆ రెండో లెక్క పేరు సౌష్ఠవ భేద భాగఫలం. మామూలు అవకలజం లేనిచోట కూడా దానికి జవాబు ఎలా దొరుకుతుందో చూద్దాం.

వాలును కొలిచే రెండు పద్ధతులు

పాఠ్యపుస్తకం చెప్పే పద్ధతి మనకు తెలిసిందే. x దగ్గర వాలు కావాలంటే, x నుంచి h దూరం జరిగి అక్కడి విలువ తీసుకుంటాం. అందులోంచి x దగ్గరి విలువను తీసేసి, h తో భాగిస్తాం.

[f(x+h) − f(x)] / h

h ని సున్నాకు దగ్గర చేస్తూ పోతే ఈ భాగఫలం ఒక స్థిరమైన సంఖ్యకు చేరువవుతుందా అన్నదే ప్రశ్న. ఆ అవధి ఉంటే అదే అవకలజం. ఇక్కడ h ధనాత్మకం కావచ్చు, ఋణాత్మకం కావచ్చు. అంటే కుడివైపు నుంచి వచ్చినా ఎడమవైపు నుంచి వచ్చినా ఒకే సంఖ్య రావాలి.

రెండో పద్ధతిలో x దగ్గర నిలబడి కుడికి h దూరంలో ఒక విలువ, ఎడమకు అంతే దూరంలో మరో విలువ తీసుకుంటాం. ఆ రెంటి తేడాను, వాటి మధ్య దూరమైన 2h తో భాగిస్తాం.

[f(x+h) − f(x−h)] / 2h

దీని అవధి ఉంటే దాన్ని సౌష్ఠవ అవకలజం అంటారు. ఈ సూత్రంలో f(x) ఎక్కడా కనిపించదు. మనకు వాలు కావలసింది x దగ్గర, కానీ లెక్కలో x దగ్గరి విలువకే చోటు లేదు. తర్వాత వచ్చే చిక్కులన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

TI-84 చేసేది ఈ రెండో లెక్కే. అది అవధి దాకా పోదు. మనం వేరేగా చెప్పకపోతే h ని 0.001 గా తీసుకుని ఆగిపోతుంది. |x| విషయంలో కుడి విలువ 0.001, ఎడమ విలువ కూడా 0.001. తేడా సున్నా, కాబట్టి జవాబు సున్నా. 1/x విషయంలో కుడి విలువ 1000, ఎడమ విలువ −1000. తేడా 2000. దాన్ని 0.002 తో భాగిస్తే పది లక్షలు వస్తాయి. h ని ఇంకా తగ్గిస్తే ఆ పది లక్షలు కోట్లలోకి పోతాయి. కాబట్టి 1/x కు సౌష్ఠవ అవకలజం కూడా లేదు, అక్కడ యంత్రం ఒకే ఒక h దగ్గర ఆగిపోవడం వల్ల మోసపోయాం. |x| కథ వేరు. h ఎంత తగ్గించినా జవాబు సున్నాగానే ఉంటుంది. అక్కడ సౌష్ఠవ అవకలజం నిజంగానే ఉంది, దాని విలువ సున్నా.

ఇంత చిక్కుంటే ఎందుకు వాడతారు?

మామూలు అవకలజం ఉన్నచోట ఈ పద్ధతి ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది, పైగా చాలా త్వరగా ఇస్తుంది. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. x³ కు x = 1 దగ్గర అవకలజం 3. h = 0.1 తీసుకుందాం. 1.1 ఘనం 1.331, 0.9 ఘనం 0.729.

పాఠ్యపుస్తకం పద్ధతిలో (1.331 − 1) / 0.1 = 3.31. సౌష్ఠవ పద్ధతిలో (1.331 − 0.729) / 0.2 = 3.01. ఇప్పుడు h ని పదోవంతు చేసి 0.01 తీసుకుంటే మొదటి పద్ధతి 3.0301 ఇస్తుంది, రెండోది 3.0001 ఇస్తుంది. h పదో వంతైతే మొదటి పద్ధతిలో తప్పు దాదాపు పదో వంతుకు తగ్గింది. రెండో పద్ధతిలో నూరో వంతుకు తగ్గింది. గ్రాఫు నునుపుగా ఉన్నచోట, వంపు వల్ల కుడివైపు పడే తప్పూ ఎడమవైపు పడే తప్పూ ఎదురెదురు గుర్తులతో వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే ఇందుకు కారణం. కాలిక్యులేటర్ల తయారీదారులూ, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లూ దీన్ని ఎంచుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఎదురెదురుగా ఉన్నవి రద్దు కావడమే ఈ పద్ధతి బలం. అయితే మనం చూడవలసిన తప్పు కూడా అలాగే రద్దయిపోతే అదే దీని బలహీనత అవుతుంది.

సగటు, తేడా

x దగ్గర నుంచి కుడివైపుకు గీసిన రేఖ వాలును R అందాం. ఎడమవైపు నుంచి x దాకా గీసిన రేఖ వాలును L అందాం.

R = [f(x+h) − f(x)] / h
L = [f(x) − f(x−h)] / h

రెంటినీ కలిపితే f(x) కొట్టుకుపోతుంది. కలిపిన మొత్తాన్ని రెండుతో భాగిస్తే వచ్చేది సరిగ్గా సౌష్ఠవ భాగఫలమే. అంటే అది R, L ల సగటు. R, L రెండూ ఒకే సంఖ్యకు చేరువైతే వాటి సగటు కూడా దానికే చేరువవుతుంది. మామూలు అవకలజం ఉన్నచోట సౌష్ఠవ అవకలజం తప్పకుండా ఉంటుందనీ, రెండూ సమానమనీ రుజువు చేయడానికి ఇది చాలు.

దీన్ని తిరగేసి చెప్పడం మాత్రం కుదరదు. సగటు నిలకడగా ఉన్నంత మాత్రాన, ఏ రెంటి సగటు తీశామో అవి నిలకడగా ఉన్నట్టు కాదు. కాబట్టి సగటుతో పాటు తేడాను కూడా చూడాలి. R లోంచి L తీసేస్తే ఇది వస్తుంది.

R − L = [f(x+h) + f(x−h) − 2f(x)] / h

R అంటే సగటుకు తేడాలో సగం కలిపినది. L అంటే సగటులోంచి తేడాలో సగం తీసేసినది. కాబట్టి R, L రెండూ ఒకే సంఖ్యకు చేరాలంటే రెండు షరతులు నెరవేరాలి. సగటు ఒక సంఖ్యకు చేరువ కావాలి, తేడా సున్నాకు చేరువ కావాలి. మామూలు అవకలజం ఈ రెండు షరతులూ అడుగుతుంది. సౌష్ఠవ అవకలజం మొదటిదాన్ని మాత్రమే అడిగి ఊరుకుంటుంది. ఒకటి లేనిచోట రెండోది ఉండడానికి కారణం ఇంతే.

|x| కు సున్నా దగ్గర R = 1, L = −1. సగటు 0, తేడా 2. h ఎంత చిన్నదైనా ఆ 2 మాత్రం కదలదు. యంత్రం మనకు చూపించింది సగటును, చూపించకుండా వదిలేసింది తేడాను.

ఈ తేడాను గణితజ్ఞులు చాలాకాలం నుంచే గమనిస్తూ వచ్చారు. 1854లో గోటింగెన్‌లో రీమాన్ త్రికోణమితీయ శ్రేణుల మీద రాసిన ప్రబంధంలో ఇది సున్నాకు చేరడం ఒక కీలకమైన మెట్టు. 1945లో ఆంటోని జిగ్మండ్ ఈ గుణం ఉన్న ప్రమేయాల మీదే ప్రత్యేకంగా ఒక పత్రం రాశాడు.

నేలను తాకిన బంతి

తేడాను వదిలేస్తే ఏమవుతుందో ఒక కొలతలో చూద్దాం. కింద పడి పైకి లేచే బంతిని సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాతో చిత్రీకరించామనుకుందాం. ఒక ఫ్రేములో బంతి సరిగ్గా నేలను తాకుతోంది, ఎత్తు 0. అది సెకనుకు 4 మీటర్ల వేగంతో కిందికి వచ్చి, 3 మీటర్ల వేగంతో పైకి లేచింది. ఒక ఫ్రేము వ్యవధి అతి చిన్నది కాబట్టి గురుత్వాకర్షణ వల్ల ఆ లోపల వచ్చే మార్పును పక్కన పెడదాం. అప్పుడు ముందు ఫ్రేములో బంతి ఎత్తు 4/30 మీటరు, అంటే సుమారు 13.3 సెంటీమీటర్లు. తర్వాతి ఫ్రేములో 3/30 మీటరు, అంటే 10 సెంటీమీటర్లు.

వీడియో నుంచి వేగం లెక్కగట్టేటప్పుడు మామూలుగా చేసేది సౌష్ఠవ లెక్కే. తర్వాతి ఫ్రేము ఎత్తులోంచి ముందు ఫ్రేము ఎత్తు తీసేసి, రెండు ఫ్రేముల కాలంతో భాగిస్తారు. అలా చేస్తే నేలను తాకిన క్షణంలో వేగం సెకనుకు −0.5 మీటర్లు అని వస్తుంది. బంతి అరమీటరు వేగంతో మెల్లగా కిందికి దిగుతోందన్న మాట. ఆ బంతి తాకేముందు అలా రాలేదు, తాకాక అలా పోలేదు. ఆ −0.5 కేవలం −4 కూ 3 కూ సగటు.

ఇప్పుడు తేడా లెక్కగడదాం. ముందు ఎత్తు, తర్వాతి ఎత్తు కలిపి, నడిమి ఎత్తుకు రెట్టింపు (ఇక్కడ సున్నా) తీసేసి, ఒక ఫ్రేము కాలంతో భాగిస్తే సెకనుకు 7 మీటర్లు వస్తుంది. వేగం −4 నుంచి 3 కు ఒక్కసారిగా ఎంత మారిందో అదే ఈ ఏడు. నేల బంతికి ఇచ్చిన తాకిడి అంతా ఆ సంఖ్యలోనే ఉంది. సౌష్ఠవ లెక్క పారేసిన సంఖ్య ఇదే.

కుడి వాలు, ఎడమ వాలు కూడా లేనిచోట

ఇంతవరకూ చూసిన ఉదాహరణల్లో కుడివైపు ఒక వాలు, ఎడమవైపు ఒక వాలు స్పష్టంగా ఉన్నాయి, వాటి మధ్యే పొంతన కుదరలేదు. అసలు ఏ వైపూ వాలు లేకపోయినా సౌష్ఠవ అవకలజం ఉండవచ్చు. x·sin(1/x) తీసుకోండి, సున్నా దగ్గర దాని విలువ 0 అనుకోండి. సున్నాను సమీపిస్తున్న కొద్దీ ఈ గ్రాఫు అంతులేకుండా పైకీ కిందికీ ఊగుతుంది. కుడివైపు వాలు R = sin(1/h). అది −1, 1 ల మధ్య తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. ఎడమవైపు వాలు సరిగ్గా దానికి వ్యతిరేకం. రెండూ ఎంత ఊగినా ప్రతి h కూ సగటు సున్నాయే.

సరి ప్రమేయాలన్నింటికీ, అంటే సున్నాకు అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబంలా ఒకేలా ఉండేవాటికి, ఇదే జరుగుతుంది. 1/x² సున్నా దగ్గర అనంతానికి ఎగిరిపోతుంది, అక్కడ దానికి విలువే లేదు. అయినా అటు ఎంతో ఇటు అంతే కాబట్టి సౌష్ఠవ అవకలజం సున్నా.

ఇంకా విచిత్రమైనది డిరిక్లే ప్రమేయం. అకరణీయ సంఖ్యల దగ్గర దాని విలువ 1, కరణీయ సంఖ్యల దగ్గర 0. దానికి ఒక్క బిందువు దగ్గర కూడా అవిచ్ఛిన్నత లేదు, కాబట్టి మామూలు అవకలజం ఉండే ప్రసక్తే లేదు. x అకరణీయమైతే, h అకరణీయమైనప్పుడు x+h, x−h రెండూ అకరణీయాలవుతాయి. h కరణీయమైనప్పుడు రెండూ కరణీయాలవుతాయి. ఏ విధంగా చూసినా అటు విలువ, ఇటు విలువ సమానమే. కాబట్టి ప్రతి అకరణీయ సంఖ్య దగ్గరా దీని సౌష్ఠవ అవకలజం సున్నా.

పనిచేయని సిద్ధాంతాలు

సౌష్ఠవ అవకలజాన్ని మామూలు అవకలజంలా వాడుకుంటే ఎక్కడ దెబ్బతింటామో చూడాలి. గరిష్ఠ విలువ కనుక్కోవాలంటే అవకలజాన్ని సున్నా చేయాలని నేర్చుకున్నాం. సున్నాకు ఎడమవైపు f(x) = x, కుడివైపు f(x) = −3x అనుకుందాం. ఈ ప్రమేయం గరిష్ఠం సున్నా దగ్గరే ఉంది. కానీ అక్కడ సౌష్ఠవ అవకలజం 1, −3 ల సగటు, అంటే −1. కాబట్టి సున్నా అయ్యే చోటు కోసం వెతికే ప్రోగ్రాము ఈ శిఖరాన్ని దాటిపోతుంది.

మధ్యమ మూల్య సిద్ధాంతం కూడా నిలవదు. |x| ను −1 నుంచి 2 దాకా తీసుకోండి. విలువ 1 నుంచి 2 కు పెరిగింది, దూరం 3. సరాసరి వాలు 1/3. ఎక్కడో ఒకచోట వాలు 1/3 ఉండాలని సిద్ధాంతం అంటుంది. కానీ |x| సౌష్ఠవ అవకలజం సున్నాకు ఎడమన −1, సున్నా దగ్గర 0, కుడిన 1. వాటిలో 1/3 లేదు.

దానికి బదులుగా ఒక బలహీనమైన సిద్ధాంతం ఉంది. 1967లో సి. ఇ. ఔల్ చూపించినది ఇది: ప్రమేయం అవిచ్ఛిన్నమై, అంతటా సౌష్ఠవ అవకలజం ఉంటే, ఒకచోట అది సరాసరి వాలుకు తగ్గకుండా, మరోచోట సరాసరి వాలుకు మించకుండా ఉంటుంది. మన ఉదాహరణలో 1/3 అనేది −1, 1 ల మధ్య ఉంది కదా. ఈ బలహీనమైన సిద్ధాంతం నుంచే పనికొచ్చే ఫలితం ఒకటి వస్తుంది. ప్రమేయంతో పాటు దాని సౌష్ఠవ అవకలజం కూడా అవిచ్ఛిన్నమైతే మామూలు అవకలజం ఉంటుంది, రెండూ ఒకటే అవుతాయి. |x| కు ఆ రక్షణ దొరకలేదు, ఎందుకంటే దాని సౌష్ఠవ అవకలజం −1 నుంచి 0 కు, 0 నుంచి 1 కు గెంతింది.

ఎంత అరుదు?

ఇలాంటి బిందువులు ఎన్ని ఉండవచ్చన్న ప్రశ్నకు రష్యన్ గణితజ్ఞుడు ఖించిన్ 1927లో జవాబిచ్చాడు. మనకు మామూలుగా ఎదురయ్యే ప్రమేయాలన్నీ ఇమిడే ఒక విశాలమైన వర్గం తీసుకుంటే, సౌష్ఠవ అవకలజం ఉండి మామూలు అవకలజం లేని బిందువులన్నీ కలిపినా వాటి మొత్తం పొడవు సున్నా. డిరిక్లే ప్రమేయం దీనికి మంచి ఉదాహరణ. అకరణీయ సంఖ్యలు ఎక్కడ చూసినా ఉంటాయి, అయినా వాటి మొత్తం పొడవు సున్నాయే. మిగిలిన కరణీయ సంఖ్యల దగ్గర ఆ ప్రమేయానికి సౌష్ఠవ అవకలజం కూడా లేదు.

కాబట్టి గుడ్డిగా ఎంచుకున్న బిందువు దగ్గర ఈ చిక్కు వచ్చే అవకాశం దాదాపు లేదు. అయితే మనం బిందువుల్ని గుడ్డిగా ఎంచుకోం. గరిష్ఠం ఎక్కడ, కనిష్ఠం ఎక్కడ, బంతి నేలను ఎప్పుడు తాకింది, పన్ను శ్లాబు ఎక్కడ మారింది అని అడుగుతాం. మొనలు ఉండేది సరిగ్గా అక్కడే.

పట్టుకోవడం ఎలా?

సగటుతో పాటు తేడాను కూడా లెక్కగట్టండి. |x| కు సున్నా దగ్గర h = 0.001 తో తేడా 2, h = 0.0001 తో కూడా 2. అది తగ్గలేదంటే అక్కడ మొన ఉందని అనుమానించాలి. x² కు అదే చోట తేడా మొదట 0.002, తర్వాత 0.0002. h తో పాటే అదీ తగ్గింది కాబట్టి భయం లేదు. 1/x కు తేడా కట్టబోతే f(0) అవసరమవుతుంది, సున్నాతో భాగించలేనని యంత్రమే ఆగిపోతుంది.

ఇది హెచ్చరిక మాత్రమే, రుజువు కాదు. √(x² + 10⁻¹²) ప్రమేయం గ్రాఫు ఎక్కడా మొన లేని నునుపైన వక్రం, సున్నా దగ్గర దాని అవకలజం సున్నా. కానీ h = 0.001 తో తేడా కడితే దాదాపు 2 వస్తుంది, అచ్చం |x| లాగే. h ని 10⁻⁸ దాకా దించితే గానీ తేడా 0.01 కు పడదు. కొన్ని h ల దగ్గర వచ్చిన సంఖ్యలు అవధి ఎటు పోతుందో సూచిస్తాయి తప్ప తేల్చి చెప్పవు. తేల్చాలంటే సూత్రం పట్టుకుని కుడివైపు అవధి, ఎడమవైపు అవధి విడివిడిగా కట్టాల్సిందే.

సౌష్ఠవ లెక్క తప్పుడు లెక్క కాదు. అవకలజం ఉందని ముందే తెలిసినచోట దాని విలువ రాబట్టడానికి అది మంచి సాధనం. అవకలజం ఉందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం దాని సాక్ష్యం చెల్లదు. ఆ ప్రశ్న తేలకుండా యంత్రం ఇచ్చిన వాలును జవాబు పత్రంలోనూ, ప్రయోగ నివేదికలోనూ రాయకండి.